సింహద్వారం ఎక్కడ రాసుకుంటోంది? తలుపు సందులు చెప్పే సంగతులు

వానాకాలం రాగానే సింహద్వారం బిగుసుకుంటే ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఒకటే: చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. వడ్రంగి వచ్చి, రాసుకున్న చోట నాలుగు చిత్రికలు పట్టి వెళ్తాడు. అప్పటికి తలుపు హాయిగా పడుతుంది. వేసవికి చూస్తే రెండు రెక్కల మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది, మళ్లీ వానలకు అదే చోట రాసుకుంటుంది. ఇలా మూడు నాలుగేళ్లు గడిచాక చెక్కిన లతలో సగం చిత్రిక కిందే పోయిన తలుపులను నేను చూశాను. అసలు చిక్కు ఏమిటంటే, తలుపు రాసుకోవడానికి కారణం ఒక్కటి కాదు, మూడు. చెక్క ఉబ్బవచ్చు, రెక్క వాలవచ్చు, లేదా రెక్క మొత్తంగా కిందికి దిగవచ్చు. ఈ మూడింటికీ మందు వేరు. ఏది జరిగిందో తలుపు చుట్టూ ఉన్న సన్నని సందులను చూస్తే తెలిసిపోతుంది గానీ, దానికి ముందు ఆ తలుపు బరువు ఎక్కడ నిలబడి ఉందో తెలియాలి.

కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా లోగిలి సింహద్వారం ఈ సంగతి నేర్చుకోవడానికి చాలా అనువైనది, ఎందుకంటే దాని రెండు రెక్కలు రెండు పద్ధతుల్లో నిలబడి ఉన్నాయి. ద్వారం వెడల్పు 4 అడుగులు, ఎత్తు 7 అడుగులు. ద్వారబంధం 6 అంగుళాలు, 4 అంగుళాల కొలతల టేకు. పై కమ్మి మీద గజలక్ష్మి, నిలువు కమ్ముల మీద కింద కలశం నుంచి పైకి పాకే లత. ఒక్కో రెక్కలో నాలుగు చెక్కడపు పలకలు, వాటి చుట్టూ ఇత్తడి గుబ్బలు, నడుమ పెద్ద ఇత్తడి కడియం, లోపల అడ్డగడియ. ముందు మూడు నల్లరాతి మెట్లు. కుడి రెక్క కట్టిన నాటి నుంచి మొన మీదే తిరుగుతోంది. ఎడమ రెక్కకు మాత్రం మా మేనమామ హయాంలో మొన విరిగితే, దాన్ని కోసేసి ఇత్తడి మడతబందులు వేయించారు.

పాత తలుపుకు కీలు అనేది బజారులో కొనే వేరే వస్తువు కాదు. రెక్కలో గోడవైపు ఉండే నిలువు పట్టీనే పైనా కిందా రెండేసి అంగుళాలు పొడవుగా ఉంచి, ఆ కొసలను గుండ్రంగా చెక్కి మొనలు చేసేవారు. కింది మొన చీలిపోకుండా దానికి ఇనుప పొన్ను తొడిగేవారు. గడపకు లోపలివైపు ఆనించిన గట్టి దిమ్మెలో చిన్న ఇనుప గిన్నె బిగించి, మొనను అందులో నిలిపేవారు. పై మొన మాత్రం పై కమ్మికి లోపలివైపు బిగించిన దిమ్మెలోని రంధ్రంలో తిరుగుతుంది. ఆ రంధ్రాన్ని కావాలనే లోతుగా తీస్తారు. రెక్కను పైకెత్తి, కింది మొనను గిన్నెలోంచి తప్పించి బయటికి తీయడానికి ఆ లోతే దారి. అంత ఖాళీ ఉంటే దొంగ కూడా ఎత్తగలడు కదా అనిపిస్తుంది. ద్వారబంధం లోపలి అంచున మెట్టులాగా తీసిన గాడిలో రెక్క కూర్చుంటుంది, అడ్డగడియ పడితే ఇక కదలదు.

ఈ అమరికలో రెక్క బరువంతా ఆ ఒక్క గిన్నె మీదే పడుతుంది. రెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, సుమారు రెండంగుళాల మందం ఉన్న రెక్కలో చెక్క ఎంత ఉంటుందో లెక్క కట్టవచ్చు. ఆరిన టేకు ఘనమీటరుకు దాదాపు 650 కిలోలు తూగుతుంది. పలకలు పట్టీల కంటే పలుచగా ఉంటాయి కాబట్టి కాస్త తగ్గించి, గుబ్బలకూ కడియానికీ కాస్త కలిపితే రెక్క 40 కిలోల దగ్గర తేలుతుంది. ఆ 40 కిలోలూ మొన గుండా గిన్నెకు, గిన్నె నుంచి దిమ్మెకు, దిమ్మె నుంచి పునాదికి తిన్నగా దిగిపోతాయి. ద్వారబంధపు నిలువు కమ్మి ఆ బరువు మొయ్యదు. రెక్క ముందుకు ఒరగకుండా పై మొన దగ్గర ఆరు కిలోల పక్కలాగుడును మాత్రం భరిస్తుంది. అందుకే మొన తలుపుల ద్వారబంధాలు వందేళ్లైనా నిటారుగా కనిపిస్తాయి. అరిగేదల్లా గిన్నె ఒక్కటే.

మడతబందుల లెక్క వేరు. అక్కడ రెక్క దేని మీదా నిలబడి ఉండదు, ద్వారబంధానికి వేలాడుతూ ఉంటుంది. పై బందు రెక్క పైఅంచుకు 18 సెంటీమీటర్ల కిందా, అడుగు బందు కిందిఅంచుకు 28 సెంటీమీటర్ల పైనా ఉన్నాయనుకుంటే రెండింటి మధ్య దూరం 167 సెంటీమీటర్లు. రెక్క బరువు దాని నడిమధ్యన, అంటే బందుల వరుసకు 30 సెంటీమీటర్ల దూరాన పనిచేస్తుంది. 40ని 30తో గుణించి 167తో భాగిస్తే ఏడు కిలోలకు పైన వస్తుంది. పై బందును రేయింబవళ్లు గోడలోంచి ఊడలాగే శక్తి అదే. కింది బందు మీద అంతే శక్తి లోపలికి నొక్కుతుంది. ఏడు కిలోలు పెద్ద బరువేమీ కాదు. అయితే ఇదే ద్వారానికి నాలుగడుగుల ఒంటి రెక్క పెట్టారనుకోండి. బరువు రెట్టింపు, దూరమూ రెట్టింపు, అంటే లాగుడు నాలుగింతలై 29 కిలోలకు చేరుతుంది. ఇప్పుడు కడుతున్న ఇళ్లలో చెక్కడాలు నిండిన ఒంటిరెక్క సింహద్వారాలు రెండేళ్లకే కింద రాసుకోవడానికి ఈ నాలుగింతలే మూలం. మన పెద్దలు జంట రెక్కలు పెట్టింది అందానికే అనుకోవడం వారి పనితనాన్ని తక్కువ చేయడమే.

ఇక సందుల సంగతికి వద్దాం. తలుపు మూసి, లోపలివైపు నుంచి చూడాలి. బయట ఒక రెక్కకు బిగించిన చెక్కడపు నడిమి పట్టీ రెండు రెక్కల మధ్య సందును కప్పేస్తుంది కాబట్టి అక్కడ ఏమీ కనబడదు. కొలవడానికి ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, కొత్తగా సరిగా అమర్చిన తలుపు నడిమి సందులో నాలుగు కార్డులు, అంటే మూడు మిల్లీమీటర్లు పడతాయి. పైన ఎన్ని కార్డులు పడుతున్నాయి, నడుమ ఎన్ని, కింద ఎన్ని, గోడవైపు ఎన్ని అని రాసుకుంటే చాలు.

చెక్క ఉబ్బితే నడిమి సందు పైనుంచి కిందిదాకా ఒకే తీరున సన్నబడుతుంది. రెక్క వాలితే ఆ సందు తాటాకు చీలికలా పైన సన్నగా, కింద వెడల్పుగా మారుతుంది. గోడవైపు, పై బందు దగ్గర అంతకుముందు లేని ఎడం కనిపిస్తుంది. రెక్క మొత్తంగా కిందికి దిగితే నడిమి సందులో మార్పేమీ ఉండదు. పై కమ్మి కింద సందు పెరిగి, గడప దగ్గర సందు అంతే మేరకు తగ్గుతుంది. బందుల తలుపుకు వాలడం, మొన తలుపుకు దిగడం సహజమైన జబ్బులు. ఉబ్బడం రెండింటికీ ఉంటుంది గానీ అది వచ్చి పోయేది. ఆగస్టులో కొలిచింది ఏప్రిల్‌లో మళ్లీ కొలిస్తే సందు తిరిగి వస్తుంది. మిగిలిన రెండూ తిరిగి రావు.

వాలడంలో ఒక చిన్న మోసం ఉంది. పై బందు మరలు రెండు మిల్లీమీటర్లు వదులయ్యాయనుకోండి. రెక్క అడుగు బందును ఆధారం చేసుకుని తిరుగుతుంది. అప్పుడు నడిమి అంచు కిందికి జారేది 0.7 మిల్లీమీటర్లే గానీ, దాని పైమూల పక్కకు 2.2 మిల్లీమీటర్లు జరుగుతుంది. కాబట్టి జంట రెక్కల్లో వాలిన రెక్క మొదట గడపకు కాక ఎదుటి రెక్క పైభాగానికి తగులుతుంది. ఆ రాపిడి చూసి చెక్క వెడల్పుగా ఉబ్బిందని అనుకోవడం చాలా తేలిక. మా ఎడమ రెక్కకు జరిగింది అచ్చంగా ఇదే. మూడేళ్లపాటు పైమూలను చిత్రిక పట్టారు, బందు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

నాలుగో ఏడు వచ్చిన వడ్రంగి పెద్దాయన చిత్రిక సంచిలోంచి తీయనేలేదు. సందులో కార్డులు పెట్టి చూశాడు. నడుమ పైన ఒక్క కార్డు కష్టంగా దూరింది, కింద నాలుగు సులువుగా పడ్డాయి. తర్వాత రెక్కను సగం తెరిచి, నడిమి అంచును పట్టుకుని పైకెత్తాడు. పై బందు ఆకు ద్వారబంధం మీద కదలడం కళ్లకు కనిపించింది. మర ఒకటి వేలితో తిప్పితే ఊడి వచ్చింది. అంగుళం పొడవు ఇత్తడి మర అది, దాని చుట్టూ చెక్క పొడైపోయి ఉంది.

"బందు బాగానే ఉందండీ, దానికి పట్టే లేదు" అన్నాడాయన.

జిగురు ఆరే సమయం పక్కన పెడితే, చేసిన మరమ్మతు గంట పని. రెక్క కిందికి పడకుండా నడిమి అంచు కింద చెక్క ముక్క పెట్టాడు. పాత బెజ్జాలను కాస్త పెద్దవి చేసి, చేవ ఉన్న టేకు చీలలకు వజ్రం అనే జిగురు పూసి కొట్టి, ఆరాక సమంగా కోశాడు. మర్నాడు కొత్త బెజ్జాలు వేసి, ముందుగా అంతే లావున్న ఉక్కు మరలు బిగించి తీసేసి, ఆ దారిలోనే రెండంగుళాల ఇత్తడి మరలకు సబ్బు రాసి బిగించాడు. ఈ రెండు సార్ల పని చాదస్తం కాదు. ఇత్తడి మెత్తన; గట్టి టేకులో నేరుగా బిగిస్తే మర మెడ దగ్గర తెగిపోయి, తెగిన ముక్క చెక్కలోనే ఉండిపోతుంది. అలాగని ఉక్కు మరలనే ఉంచేస్తే, ఉప్పుగాలి తగిలే కోనసీమలో ఇత్తడికి ఆనిన ఇనుము తొందరగా తుప్పు పట్టి, మర తల చుట్టూ నల్లని మరక దిగుతుంది. సాయంగా కొత్తగా పెట్టిన మూడో బందును ఆయన నడిమధ్యన కాక పై బందుకు ఒక అడుగు కింద వేశాడు. లాగుడు పైనే ఉంటుంది కనుక సాయం అక్కడే కావాలి. రెక్క మెలి తిరిగే లక్షణం ఉన్నప్పుడు మాత్రం మూడోది నడుమ ఉండాలి.

బందుల విషయంలో దీనికి తలకిందులైన తప్పు ఒకటుంది. బందు ఆకు కూర్చోవడానికి ఉలితో తీసే గాడి మరీ లోతైతే, రెక్క గోడవైపు అంచు ద్వారబంధానికి ముందే ఒత్తుకుని, తలుపు పూర్తిగా పడక చివరి అంగుళంలో స్ప్రింగులా వెనక్కి వస్తుంది. ఇక్కడ కొయ్యాల్సింది ఏమీ లేదు. బందు విప్పి ఆకు వెనక పలుచటి అట్టముక్క పెట్టి బిగిస్తే సరిపోతుంది.

కుడి రెక్క కథ వేరు. అది గడపకు రాసుకుంటోంది, గడప మీద వంపు గీత కూడా పడింది. నడిమి సందు పైనా కిందా సమానమే, పై కమ్మి కింద మాత్రం బొటనవేలు గోరు దూరేంత ఎడం. రెక్కను ఇద్దరం ఎత్తి దించితే గిన్నె బయటపడింది. దాని అడుగు అరిగి, తుప్పు పొరలు లేచి, మొన పొన్ను నేరుగా దిమ్మె చెక్కలోకి నాలుగు మిల్లీమీటర్లు దిగి ఉంది. ఎన్నో ఏళ్ల ఆముదం, దుమ్ము కలిసి అందులో నల్లటి ముద్ద కట్టింది. ఆయన ఆ ముద్ద గీకి, పాత గిన్నెను తీసేసి, నాలుగు మిల్లీమీటర్ల మందం ఇత్తడి బిళ్లను అడుగున పరిచి, దాని మీద కొత్త గిన్నె కూర్చోబెట్టాడు. రెక్క పైకి లేచింది, గడప గీత మీద నుంచి సందు తిరిగి వచ్చింది. ఈ రెక్క అడుగును గనక చిత్రిక పట్టి ఉంటే, గిన్నె అరిగే కొద్దీ ఏటేటా మళ్లీ పట్టాల్సి వచ్చేది, చివరకు అడుగు పట్టీని నిలువు పట్టీలో పట్టి ఉంచే కుసి బయటపడి రెక్క అతుకులే వదిలేవి.

ఉబ్బడం గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే చెక్కడపు తలుపు నిర్మాణమంతా దాన్ని తట్టుకోవడానికే పుట్టింది. చెక్క నిడివిలో దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది. టేకు ఈ విషయంలో నెమ్మదైన చెక్క. అయినా తేమ ఒక శాతం పెరిగితే ఎక్కువ కదిలే దిశలో వెడల్పు 0.2 శాతం దాకా పెరుగుతుంది. వేసవికీ వానలకూ మధ్య చెక్కలోని తేమ ఆరు శాతం మారిందనుకుంటే, రెండడుగుల రెక్కను నిండు పలకలు అతికి చేస్తే ఏడు మిల్లీమీటర్లు కదులుతుంది. అందుకే నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు కుసి-బెజ్జంతో చట్రంగా బిగించి, చెక్కడపు పలకలను ఆ చట్రం గాడిలో వదులుగా నిలబెడతారు. అడ్డ పట్టీలు నిడివిలో మారవు. రెక్క వెడల్పులో కలిసేది రెండు నిలువు పట్టీల ఉబ్బు మాత్రమే, ఒక్కోటి నాలుగంగుళాలైతే రెండూ కలిపి రెండున్నర మిల్లీమీటర్లు దాటడం అరుదు. పలక తన గాడిలో తాను ఊపిరి పీల్చి వదులుతుంది.

ఈ ఏర్పాటును చెడగొట్టేది తరచుగా ఇత్తడి. అలంకారపు గుబ్బలను పలకకూ పట్టీకీ మధ్య అంచు మీద వరుసగా కొడితే, వాటి మేకులు పలకను చట్రానికి కట్టేస్తాయి. వేసవిలో పలక కుంచించుకోవాలని చూస్తుంది, మేకులు వదలవు, నడిమధ్య ఉన్న హంస మెడ మీదుగా నిలువునా చీలిక వస్తుంది. చెక్క నాసిరకమని అప్పుడు అడితివాడిని తిడతారు. గుబ్బలు పట్టీ మీద మాత్రమే ఉండాలి. పలకల మీద తప్పదనుకుంటే పలక నడిమధ్య ఒక్కటి. అలాగే పాలిష్‌ను పలకలు చట్రంలోకి ఎక్కకముందే వాటి అంచుల దాకా వెయ్యాలి. బిగించాక వేసిన తలుపుకు మొదటి వేసవిలోనే ప్రతి పలక పక్కన పాలిష్ అంటని తెల్లటి గీత బయటపడుతుంది. ఆ గీతను చూసి మేస్త్రీ ఏ క్రమంలో పని చేశాడో చెప్పవచ్చు.

ఇత్తడిని చింతపండుతో తోమడం మన అలవాటు. దానిలోని పులుపు పైపొరను కరిగిస్తుంది, మెరుపు వస్తుంది. అయితే తలుపు మీద బిగించి ఉన్న గుబ్బను తోమితే ఆ పులుపు నీళ్లు చెక్కడంలోకి దిగి గుబ్బ చుట్టూ పచ్చని వలయం కడుతుంది. గుడ్డకు కొద్దిగా రాసి తుడిచి, వెంటనే తడిగుడ్డతో, ఆ పైన పొడిగుడ్డతో తుడవాలి. సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఇత్తడి మీద గులాబీ ఛాయ మచ్చలు కనిపిస్తే అది మురికి కాదు. మిశ్రమంలోని జింకు పోయి రాగి మిగిలిన చోటు. అలంకారపు బిళ్లకైతే పరవాలేదు, బందుకో గడియకో వస్తే ఆ భాగం పెళుసుబారినట్టే, మార్చాలి.

నా లెక్కలో సింహద్వారానికి అసలు ప్రాణం గడప దగ్గర ఉంటుంది, ఆ ప్రాణం పోయేదీ అక్కడే. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాసే చోటు అది. నీళ్లు గడప మీద నిలవకూడదు, గడపకూ మెట్టుకూ మధ్య అసలే నిలవకూడదు. పాత ఇంట్లో పై మెట్టు రాయి గడప అడుగు కంటే అర అంగుళం కిందికి ఉండి, బయటికి వాలుగా ఉంటుంది; వీధి వైపు ఒక చెంబు నీళ్లు పోస్తే మూడు మెట్లూ దిగిపోతాయి. ఇప్పుడు గ్రానైట్ పలకను రసమట్టం పెట్టి మరీ సమంగా పరిచి, గడపకు ఆనించి, సందును సిమెంటుతో పూడుస్తున్నారు. చూడటానికి నున్నగా ఉంటుంది గానీ, ఆ సిమెంటు గీత వెంటనే పగిలి, నీటిని గడప అడుగుకు చేర్చే కాలువ అవుతుంది. నిలువు కమ్ముల అడుగున చెక్క కొసలు ఉంటాయి, కొస పక్కభాగం కంటే ఎంతో వేగంగా నీటిని పీలుస్తుంది. పైనా పక్కలా పసుపు పెయింటు వేసి అడుగును వట్టిగా వదిలేస్తే లోపలికి వెళ్లిన తేమకు బయటికి దారి ఉండదు. గడప మీద సూదిమొన పొడిచి చూడండి. చేవ చెక్కలోకి అది దిగదు, కుళ్లిన చోట వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. చేవ చుట్టూ ఉండే లేత రంగు చెక్కకు చెదలను ఆపే గుణం ఉండదు. గడప కొనేటప్పుడు నాలుగు అంచుల్లోనూ ఆ లేత గీత లేకుండా చూసుకోవడం మిగతా బేరమంతటి కంటే ముఖ్యం.

ముహూర్తం మరో చిక్కు తెస్తుంది. ద్వారబంధం నిలబెట్టే వేళకు గోడలు ఇంకా తడివి. చాలాసార్లు చెక్క కూడా పూర్తిగా ఆరనిదే. గడప కింద నవధాన్యాలు వేసి పూజ చేసి నిలిపిన ద్వారబంధం ఆ తర్వాత ఆర్నెల్లు ఎండలోనూ కూరింగు నీళ్లలోనూ నిలబడుతుంది. అందుకే కర్ణాలను కొలిచి చూడాలి: ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు ఒక దారం, దానికి ఎదురు మరో దారం. రెండు పొడవుల్లో మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే, రెక్క ఎంత బాగా చేసినా చీలిక సందే మిగులుతుంది, అది వాలడం కాదు, పుట్టుకతో వచ్చిన వంకర. ద్వారబంధం మూల దగ్గర నిలువు కమ్మికీ పై కమ్మికీ ఏటవాలుగా మేకులతో కొట్టిన వాసం గోడలు ఆరేదాకా తీయకుండా ఉంచితే ఈ వంకర రాదు. చెక్కడాలకు గీతలు పడకుండా పాత ధాన్యపు బస్తాలు చుట్టడం కూడా అప్పుడే.

మా ఇంట్లో మరమ్మతు జరిగింది శ్రావణంలో. ఉబ్బు ఎక్కువగా ఉండే ఆ రోజుల్లోనే నడిమి సందు పైనా కిందా రెండేసి కార్డులు పట్టేలా తేలింది, చిత్రిక ముట్టకుండానే. తర్వాతి చైత్రంలో వెళ్లి కొలిస్తే పైన నాలుగు, కింద నాలుగు పడ్డాయి. పైమూలలో మూడేళ్లు చిత్రిక పట్టిన చోట మాత్రం ఆరు పడ్డాయి. ఆ తరుగు ఇక పూడేది కాదు.